బిల్లు కౌంటర్‌లో అడిగే ఫోన్ నంబరు: అనుమతి, ఆఫర్, లెక్క

బట్టల దుకాణంలో చీర కొన్నాక కౌంటర్ దగ్గర మొదట వినపడే మాట "నంబర్ చెప్పండి". ఎందుకో చెప్పరు, అడిగే ఓపిక కొన్నవాళ్లకూ ఉండదు. వెనక వరసలో మనుషులు నిలబడి ఉంటారు కాబట్టి పది అంకెలూ చెప్పేసి బయటపడతారు. కొందరు భర్త నంబరు చెబుతారు, కొందరు ఎప్పుడో వదిలేసిన నంబరు చెబుతారు. చివరి అంకె కావాలనే మార్చి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ సాయంత్రం నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. వాటిని ఎవరూ తెరవరు. అయినా యజమాని మాత్రం తన దగ్గర వేల మంది కస్టమర్ల జాబితా ఉందనే అనుకుంటూ ఉంటాడు.

ఈ జాబితా ఎందుకు పనిచేయదో, పనిచేసే జాబితా ఎలా తయారవుతుందో చూడటానికి తెనాలిలాంటి ఊళ్లో ఒక చీరల దుకాణాన్ని ఊహించుకుందాం. బిల్లింగ్ కంప్యూటర్లో నాలుగేళ్లుగా పోగైన 4,000 నంబర్లు ఉన్నాయి. ఈ దుకాణం గురించి వచ్చే అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి మాత్రమే. చట్టం, టెలికాం నిబంధనల సంగతులు మాత్రం ఉన్నవే.

4,000లో నిజంగా ఎన్ని?

మన దేశంలో వాడకం ఆగి, రద్దయిన మొబైల్ నంబరును కంపెనీలు 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. కాబట్టి నాలుగేళ్ల కిందటి నంబర్లలో కొన్ని ఈపాటికి వేరేవాళ్ల చేతుల్లో ఉంటాయి. ఆ కొత్త మనిషి ఈ దుకాణం గుమ్మం ఎప్పుడూ తొక్కి ఉండడు. అతనికి "ప్రియమైన కస్టమర్" అని మెసేజ్ వెళితే ఫిర్యాదు చేయడానికి పూర్తి హక్కు ఉంది.

ఇక డీఎన్‌డీ సంగతి. 1909 నంబరుకు మెసేజ్ పంపి ప్రచార సందేశాలు మొత్తంగా గానీ, బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్, విద్య వంటి రకాల వారీగా గానీ ఎవరైనా ఆపించుకోవచ్చు. అలా ఆపించుకున్నవాళ్ల నంబర్లు పంపే దారిలోనే వడపోతకు గురవుతాయి. మామూలు ప్రచార మెసేజ్ వాళ్లదాకా చేరదు.

తప్పుడు నంబర్లు, చేతులు మారినవి, డీఎన్‌డీలో ఉన్నవి తీసేశాక మిగిలినవాళ్లలో కూడా ఈ దుకాణం నుంచి కబురు కావాలని అడిగినవాళ్లు ఎవరో తెలియదు. పెళ్లికి పట్టుచీర కొన్నావిడా, పని మనిషికి పండక్కి నేత చీర కొనిచ్చినావిడా, లుంగీ కొనుక్కుని వెళ్లిన పెద్దాయనా అందరూ ఒకే వరసలో పది అంకెలుగా ఉన్నారు. ఈ జాబితాకున్న అసలు లోపం ఇదే. నంబరు పక్కన ఏమీ రాసి లేదు. ఎందుకు ఇచ్చారు, ఏం కావాలన్నారు, ఎప్పుడు అన్నారు అనే మూడు సంగతులూ లేవు. అవి లేకపోతే అనుమతికి రుజువూ ఉండదు, ఏ ఆఫర్ పంపాలో కూడా తెలియదు. ఈ రెండింటికీ మందు ఒక్కటే అని చాలామంది వ్యాపారులకు తట్టదు. అనుమతి అడగడం చట్టం నెత్తిన పెట్టిన బరువని, ఆఫర్ తయారుచేయడం వ్యాపారమని విడివిడిగా చూస్తారు.

బిల్లు కోసం ఇచ్చిన నంబరు బిల్లుకే

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో దుకాణదారుడికి సూటిగా పనికొచ్చే ఉదాహరణ ఒకటి ఉంది. ఒకావిడ మందుల షాపులో సరుకు కొని, డబ్బు కట్టినట్టు రసీదు తన ఫోన్‌కు పంపమని నంబరు ఇస్తుంది. ఆ రసీదు పంపడానికి షాపు ఆ నంబరు వాడుకోవచ్చు. చట్టం చెప్పిన ఉదాహరణ అక్కడితో అయిపోతుంది. అదే నంబరుకు మర్నాడు డిస్కౌంట్ మెసేజ్ పంపడం ఆ ఉదాహరణలో లేదు. దానికి వేరే అనుమతి కావాలి.

ఆ అనుమతి ఎలా ఉండాలో కూడా చట్టం చెప్పింది. ఇష్టపూర్వకంగా ఇవ్వాలి, ఫలానా పని కోసమని స్పష్టంగా ఉండాలి, అడిగేటప్పుడే ఆ సంగతి తెలియజేయాలి. ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలి. తెలియజేసే మాట ఇంగ్లీషులోనే కాకుండా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లో కూడా చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూల్లో ఉందని గుర్తుచేయనక్కర్లేదు. ఈ చట్టానికి నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. అనుమతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027లో అమల్లోకి వస్తాయి. టైమ్ ఉంది కదా అనుకోవచ్చు. కానీ ఇప్పుడు నంబర్లను ఊరికే పోగేసుకుంటే అప్పుడు వాటిలో ఏది వాడొచ్చో తేల్చుకోలేక తల పట్టుకోవాల్సి వస్తుంది.

నంబరు ఇవ్వకపోతే బిల్లు రాదని చెప్పే దుకాణాల సంగతి వేరు. ఫోన్ నంబరు కోసం కస్టమర్లను బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణదారులకు సూచన జారీ చేసింది.

కౌంటర్ దగ్గర రెండు ప్రశ్నలు

కాబట్టి అడగాల్సింది ఒక్క ప్రశ్న కాదు, రెండు. అవి వేర్వేరుగా ఉండాలి. మొదటిది బిల్లు గురించి: "అమ్మా, బిల్లు ఫోన్‌కి పంపమంటారా, కాగితం ఇవ్వమంటారా?" దీనికి ఏ జవాబు వచ్చినా పని జరిగిపోవాలి. రెండోది డబ్బు కట్టాక, చీర కవర్లో పెట్టి చేతికి ఇచ్చేటప్పుడు: "మంగళగిరి చీరలు కొత్తవి వచ్చినప్పుడు మీకు మెసేజ్ పెట్టమంటారా? నెలకి రెండు మించి రావు, వద్దనుకుంటే ఎప్పుడైనా ఆపేయొచ్చు."

రెండో ప్రశ్నను డబ్బు కట్టాకే అడగడానికి కారణం ఉంది. ముందే అడిగితే ఒప్పుకోకపోతే ఏమైనా తేడా వస్తుందేమోనని కస్టమర్‌కు అనిపిస్తుంది. అప్పుడు చెప్పే "సరే" ఇష్టపూర్వకమైన సరే కాదు. పైగా ఆ సమయానికి ఆవిడ ఏం కొన్నదో క్యాషియర్ కళ్లముందే ఉంటుంది కాబట్టి ప్రశ్న ఆవిడకు తగ్గట్టు అడగొచ్చు. "ఆఫర్లు పంపమంటారా" అంటే పదిమందిలో ఎక్కువమంది వద్దంటారు. "ఇలాంటి చీరలు వచ్చినప్పుడు చెప్పమంటారా" అంటే అదే మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుంది. ఒప్పుకునేవాళ్లు తక్కువే ఉంటారు. ఉండనివ్వండి.

ఒప్పుకున్నాక నంబరు పక్కన రాసుకోవాల్సినవి ఐదే. తేదీ, ఎక్కడ అడిగారు, ఏ మాటలతో అడిగారు, దేని గురించి కబురు కావాలన్నారు, ఏ భాషలో కావాలన్నారు. ఏ మాటలతో అడిగామన్నది చాలామంది వదిలేస్తారు. ఏడాది తర్వాత ఎవరైనా "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అంటే చూపించాల్సింది అదే. కౌంటర్ దగ్గర చెప్పే మాటను ఒక అట్టమీద రాసిపెట్టి, మార్చినప్పుడల్లా దానికి ఒక అంకె వేసుకుంటే సరిపోతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో ఆ అంకె ఒక్కటి నమోదు చేస్తే చాలు.

చెప్పిన నంబరు ఆవిడదేనా అన్నది ఇంకో చిక్కు. దీనికి మన దగ్గర పాతకాలపు ఉపాయం ఒకటి ఉంది, మిస్డ్ కాల్. కౌంటర్ మీద అతికించిన నంబరుకు ఆవిడ ఫోన్ నుంచే మిస్డ్ కాల్ ఇస్తే నంబరు తప్పు పడే ప్రశ్నే లేదు. పక్కవాళ్ల నంబరు చెప్పేసి వెళ్లడమూ కుదరదు. మంగళగిరి చీరలకు ఒక నంబరు, పట్టుకు ఒక నంబరు, పిల్లల బట్టలకు ఒక నంబరు పెడితే ఏం కావాలో కూడా ఆ కాల్‌తోనే తెలిసిపోతుంది. వెనకటి రోజుల్లో పాటలు, క్రికెట్ స్కోర్లు తెప్పించుకోవడానికి జనం అలవాటుపడ్డ పద్ధతే కాబట్టి ఎవరికీ నేర్పనక్కర్లేదు.

పంపే దారి

అనుమతి చేతిలో ఉన్నా మెసేజ్‌లను సొంత సిమ్ నుంచి పంపడానికి లేదు. చిన్న దుకాణాలు చేసే పెద్ద పొరపాటు ఇదే. మామూలు పదంకెల నంబరు నుంచి వ్యాపార మెసేజ్‌లు పంపితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం అది అనధికార ప్రచారం కిందికి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో చేసిన సవరణ తర్వాత పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్య మొదలవుతుంది. మొదటిసారి ఆ పేరు మీదున్న కనెక్షన్లన్నిటికీ అవుట్‌గోయింగ్ 15 రోజులు ఆగిపోతుంది. మళ్లీ జరిగితే ఏడాదిపాటు కనెక్షన్లే పోతాయి. దుకాణం ఫోన్ ఒక్కటే కాదు, ఆ యజమాని పేరు మీదున్నవన్నీ.

సరైన దారి 2018 నాటి నిబంధనలతో వచ్చిన, వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్లు నమోదయ్యే డీఎల్‌టీ పోర్టల్. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ వంటి కంపెనీలన్నీ ఇలాంటి పోర్టళ్లు నడుపుతున్నాయి. ఒకదానిలో వ్యాపారం పేరు, పాన్, జీఎస్టీ వంటి కాగితాలతో నమోదు కావాలి. దానికి కొన్ని వేల రూపాయల ఫీజు ఉంటుంది. తర్వాత పంపేవారి పేరుగా కనపడే హెడర్‌ను, ఆ తర్వాత మెసేజ్ మాటల నమూనాను, అంటే టెంప్లేట్‌ను, ఆమోదింపజేసుకోవాలి. ఇప్పుడు ఫోన్లో హెడర్ చివర ఒక అక్షరం కూడా కనపడుతుంది. ప్రచారమైతే -P, సేవలకు సంబంధించినదైతే -S, లావాదేవీ అయితే -T, ప్రభుత్వానిదైతే -G. అందుకోవాల్సినవాళ్లకు తెరవకముందే ఇది ఏ రకం మెసేజో తెలిసిపోతుంది.

టెంప్లేట్లో మారే మాటల చోట ఒక గుర్తు పెడతారు. మిగతా మాటలు ఆమోదం పొందినట్టే అక్షరం పొల్లుపోకుండా వెళ్లాలి. ఆమోదించిన దాంట్లో చుక్క ఉండి, పంపేదాంట్లో కామా పడితే మెసేజ్ వెళ్లదు. లింకు పెడితే ఆ లింకును కూడా ముందే నమోదు చేయాలి. ఇది 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. మెసేజ్ వెళ్లలేదంటే చాలాసార్లు నెట్‌వర్క్ మీద తోసేస్తారు గానీ, డెలివరీ రిపోర్టు తెరిచి చూస్తే టెంప్లేట్ కలవలేదనే కారణం కనపడుతుంది. మొదట పది నంబర్లకు పంపి, ఆ రిపోర్టు చూసి, తర్వాత మిగతావాటికి పంపడం మంచిది. పండగ ముందురోజు ఈ టెన్షన్ ఎవరికీ అక్కర్లేదు.

డీఎన్‌డీలో ఉన్న కస్టమర్ కూడా కౌంటర్ దగ్గర ఒప్పుకుందనుకుందాం. ఆవిడకు మెసేజ్ చేరాలంటే ఆ అనుమతి దుకాణం పుస్తకంలో ఉంటే సరిపోదు, టెలికాం వ్యవస్థలో కూడా నమోదై ఉండాలి. దీనికోసం 127తో మొదలయ్యే చిన్న నంబర్ల నుంచి కస్టమర్‌కే అడుగుతూ మెసేజ్ వెళ్లే పద్ధతిని ట్రాయ్ రూపొందించింది. 2025లో దాన్ని ముందుగా బ్యాంకులతో ప్రయోగించి చూడటం మొదలుపెట్టారు. అది చిన్న దుకాణాల దాకా సాఫీగా వచ్చేవరకూ డీఎన్‌డీలో ఉన్నవాళ్లను జాబితాలో విడిగా గుర్తుపెట్టుకుని, వాళ్లు దుకాణానికి వచ్చినప్పుడు నోటితో చెప్పడమే మేలు.

తెలుగులో 70 అక్షరాలే

కస్టమర్ తెలుగులో కావాలన్నప్పుడు తెలుగులోనే పంపాలి. ఇక్కడే ఖర్చు దగ్గర ఒక మెలిక ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. తెలుగు లిపి వాడితే 70కి పడిపోతుంది. అది దాటితే మెసేజ్ ముక్కలవుతుంది. ఒక్కో ముక్కలో 67 మాత్రమే పడతాయి, ఒక్కో ముక్కకూ విడిగా డబ్బు పడుతుంది.

ఆ 70 కూడా కంటికి కనపడే అక్షరాల లెక్క కాదు. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'లక్ష్మి' చూడటానికి రెండక్షరాలే. ఫోన్ లెక్కలో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి ఏడు. కింది మెసేజ్ చూడండి.

```
లక్ష్మి గారూ, మంగళగిరి చీరలు వచ్చాయి. శనివారం దాకా మీకోసం ఉంచుతాం.
```

ఇది ఖాళీలతో కలిపి 66. ఇంకా దుకాణం పేరు రాయలేదు, ఆపేసే దారి చెప్పలేదు. ప్రచార మెసేజ్‌లో ఆపుకునే వీలు తప్పనిసరి కాబట్టి ఆ రెండూ చేరిస్తే రెండు ముక్కలు అవుతుంది. అంటే ఒక తెలుగు మెసేజ్‌కు రెండింటి డబ్బు వేసుకుని మొదలుపెట్టడమే నయం. ఇది తప్పించుకోవడానికి కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపుతారు. పైసలు మిగులుతాయి నిజమే. అయితే నలభై దాటిన గృహిణికి ఆ రాత చదవడం ఎంత చిరాకో ఒకసారి ఇంట్లోవాళ్లను అడిగి చూడాలి. పంపే మనుషులు తక్కువైనప్పుడు రెండో ముక్క ఖర్చు పట్టించుకోవాల్సినంత ఉండదని కింది లెక్కలో తెలుస్తుంది.

ఆఫర్ అంటే తగ్గింపేనా?

ఆషాఢంలో ఏ వీధి చూసినా 50 శాతం తగ్గింపు బోర్డులే. ఆ నెలలో "భారీ తగ్గింపు" అని మెసేజ్ పంపితే దానికి విలువ ఉండదు, అందరూ అదే అంటున్నారు కాబట్టి. ధర పెంచి తగ్గిస్తారనే అనుమానం కస్టమర్లకు ఎప్పటినుంచో ఉంది. చీరల కొట్టులో కస్టమర్‌ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయాలు వేరు. శ్రావణ మాసం వరలక్ష్మీ వ్రతానికి చీర కొన్నాక ఫాల్, పీకో చేయించడానికి ఇంకో చోటికి తిరగాలి. బ్లౌజ్ వ్రతం నాటికి కుట్టి ఇస్తారో లేదో తెలియదు. నచ్చిన రంగు అప్పటికే అయిపోయి ఉంటుంది. రద్దీలో చీరలు విప్పి చూపించే నాథుడు ఉండడు.

ఈ ఇబ్బందుల్లో ఏ ఒక్కటి తీర్చినా అది ఆఫరే. "వ్రతం ముందు సోమ, మంగళవారాల్లో ఉదయం పదింటికి వస్తే కొత్త స్టాకు ముందుగా చూడొచ్చు, ఫాల్, పీకో మాదే" అన్న కబురు తగ్గింపు కంటే బాగా పనిచేస్తుంది. మొదటి కారణం, అది మంగళగిరి చీరల కబురు కావాలని అడిగినవాళ్లకే వెళుతుంది. రెండోది, దుకాణానికి అయ్యే ఖర్చుకూ కస్టమర్ చూసే విలువకూ మధ్య తేడా ఉంటుంది. ఫాల్, పీకోకు బయట 120 రూపాయలు, ఒక తిరుగుడు అవుతుందనుకుంటే, దుకాణానికి అది 60లో అయిపోతుంది. అదే 3,000 రూపాయల చీర మీద 10 శాతం తగ్గిస్తే 300 రూపాయలు నేరుగా లాభంలోంచి పోతాయి. పైగా ఒకసారి తగ్గిస్తే తర్వాత అదే ధర ఆశిస్తారు. ఫాల్, పీకో విషయంలో ఆ గొడవ లేదు.

మెసేజ్ ఎప్పుడు పంపాలన్నదానికి హద్దు ఉంది. ప్రచార మెసేజ్‌లు ఉదయం 10 నుంచి రాత్రి 9 మధ్యలోనే వెళతాయి. ఆ పరిధిలో కూడా ఇంటిపని తెమిలే పదకొండు, పన్నెండు గంటల మధ్య గృహిణులకు, సాయంత్రం ఆరు తర్వాత ఉద్యోగినులకు పంపడం సబబుగా అనిపిస్తుంది. ఇది అంచనా మాత్రమే. ఊరిని బట్టి మారుతుంది, ఎవరికి వారు పరీక్షించుకోవాలి. పరీక్షించుకునే పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఒకటే.

పంపకుండా వదిలేసినవాళ్లు

మన ఊహా దుకాణం ఏడాదిపాటు రెండు ప్రశ్నల పద్ధతి పాటించి, మంగళగిరి కబురు కావాలన్న 600 మందిని పోగుచేసిందనుకుందాం. 4,000 ముందు ఇది చిన్న సంఖ్యే. శ్రావణానికి ఫాల్, పీకో ఆఫర్ పంపే ముందు ఆ 600లో ప్రతి పదో మనిషినీ పక్కన పెట్టి, 540 మందికే పంపాలి. మిగిలిన 60 మందికి కావాలనే పంపకూడదు. చాలామంది యజమానులకు ఇది మింగుడుపడదు, చేతిలో ఉన్న బేరాన్ని వదులుకున్నట్టు అనిపిస్తుంది. అయితే ఇది చేయకపోతే మెసేజ్ వల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు.

పంపిన 540 మందిలో 54 మంది వచ్చి కొన్నారనుకుందాం. నూటికి పది. యజమాని 54 బేరాలూ మెసేజ్ ఖాతాలో వేసుకుంటాడు. కానీ పంపని 60 మందిలో కూడా నలుగురు వచ్చి కొన్నారు. శ్రావణం కదా, మెసేజ్ లేకపోయినా వస్తారు. ఆ లెక్కన నూటికి 6.7 మంది ఎటూ వచ్చేవాళ్లే. అంటే 540 మందిలో 36 మంది మెసేజ్ లేకుండానే వచ్చి ఉండేవారు. మెసేజ్ తెచ్చింది 18 మందినే.

ఇప్పుడు ఖర్చు. ఒక్కో ముక్క 25 పైసలనుకుంటే రెండు ముక్కల మెసేజ్ 540 మందికి 270 రూపాయలు. వచ్చిన 54 మందికీ ఫాల్, పీకో ఇవ్వాలి కాబట్టి 60 చొప్పున 3,240. మొత్తం 3,510. ఒక చీర మీద 800 మిగులుతుందనుకుంటే అదనంగా వచ్చిన 18 మంది వల్ల 14,400 వస్తుంది. ఖర్చు పోను దాదాపు 10,900 లాభం. అదే 54 మంది 10 శాతం తగ్గింపు మీద వచ్చి ఉంటే తగ్గింపుకే 16,200 పోయేది. 14,400 సంపాదించడానికి 16,200 ఖర్చు. దుకాణం నిండా జనం ఉంటారు, గల్లా మాత్రం తేలిపోతుంది. ఆఫర్ పెట్టిన నెలలో అమ్మకం పెరిగి లాభం తగ్గిందని ఆశ్చర్యపోయే వ్యాపారులు చూడాల్సింది ఈ 36 మంది వైపే.

ఈ లెక్కలో బలహీనత కూడా ఉంది. పక్కన పెట్టింది 60 మందినే. అందులో ఒక్కరు ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా శాతం 1.7 మారిపోతుంది. నలుగురి బదులు ఆరుగురు వచ్చి ఉంటే మెసేజ్ వల్ల ఏ లాభమూ లేదని తేలేది. కాబట్టి ఒక్క పండగ ఫలితం చూసి తీర్పు చెప్పకూడదు. శ్రావణం, దసరా, సంక్రాంతి, ఎండాకాలం పెళ్లిళ్లు ఇలా నాలుగైదు సార్లు కలిపి చూస్తేనే నమ్మదగ్గ అంకె వస్తుంది. పక్కన పెట్టే మనుషులను ప్రతిసారీ మార్చాలి. లేకపోతే అడిగి మరీ నంబరిచ్చిన ఆ 60 మందికి ఎప్పుడూ కబురే అందదు.

ఇంకో అంకె కూడా చూస్తుండాలి, ఆపేయమన్నవాళ్ల సంఖ్య. ఒక మెసేజ్ తర్వాత ఇద్దరు ముగ్గురు ఆపేస్తే మామూలే. ఇరవై మంది ఆపేస్తే ఆ మెసేజ్‌లో ఏదో తేడా ఉంది. సాధారణంగా కారణం ఒకటే. మంగళగిరి అన్నవాళ్లకు పిల్లల ఫ్రాకుల కబురు పంపి ఉంటారు, లేదా నెలకు రెండన్న మాట తప్పి ఐదు పంపి ఉంటారు. ఆపేసినవాళ్లను 90 రోజులపాటు మళ్లీ అనుమతి అడగకూడదని 2025 సవరణ చెబుతోంది. జాబితాలోంచి వాళ్ల వరసను పూర్తిగా చెరిపేయకుండా 'ఆపేశారు, ఫలానా తేదీ' అని ఉంచాలి. చెరిపేస్తే మర్నాడే క్యాషియర్ అదే నంబరు మళ్లీ ఎక్కించే ప్రమాదం ఉంది.

ఈమెయిల్ ఎవరికి?

ఊళ్లో చీర కొనేవాళ్లలో ఈమెయిల్ తెరిచి చూసేవాళ్లు తక్కువ. కానీ డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటూ అమ్మ చేత చీరలు తెప్పించుకునే కూతుళ్లకు ఇదే అనువు. ఫోటోలు పంపొచ్చు, ఫోన్ నంబర్ల నిబంధనల గొడవ ఉండదు. ఇక్కడ కాపలాదారు జీమెయిల్. 2024 నుంచి రోజుకు 5,000 పైగా పంపేవాళ్లు తమ డొమైన్‌కు మెయిల్ నిజంగా అక్కడి నుంచే వచ్చిందని రుజువు చేసే SPF, DKIM, DMARC పెట్టుకోవాలి, ఒక్క నొక్కుతో ఆపుకునే మీట ఇవ్వాలి. స్పామ్ అని గుర్తుపెట్టేవాళ్లు నూటికి 0.3 దాటకూడదు. చిన్న దుకాణం అంత పంపదు గానీ ఆ మూడు ఏర్పాట్లు ముందే చేసుకుంటే మెయిళ్లు స్పామ్ పెట్టెలో పడే అవకాశం తగ్గుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ల ఫోన్‌కు ప్రచార ఎస్ఎంఎస్ పంపడం మాత్రం ఇక్కడి నుంచి పెట్టుకోకపోవడమే మంచిది. అక్కడి చట్టం ఒక్కో మెసేజ్‌కు వందల డాలర్ల నష్టపరిహారం ఇప్పించగలదు.

మరి ఆ పాత 4,000?

పారేయడానికి మనసొప్పదు, అది సహజమే. అందరికీ ఒక్కసారి "మా నుంచి మెసేజ్‌లు కావాలా" అని పంపుదాం అనే ఆలోచన వస్తుంది. అడగకుండా పంపితే అది కూడా అడగని మెసేజే. చేతులు మారిన నంబర్లున్నది కూడా ఆ జాబితాలోనే కాబట్టి ఐదు ఫిర్యాదులు పది రోజుల్లో పోగవడం కష్టమేమీ కాదు.

తేలికైన పద్ధతి ఒకటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో ఆ నంబర్లన్నిటికీ 'అడగలేదు' అని ఒక గుర్తు వేయించాలి. ఎవరైనా వచ్చి కొన్నప్పుడు, బిల్లు కోసం నంబరు కొట్టగానే తెరమీద ఆ గుర్తు కనపడుతుంది. క్యాషియర్ డబ్బు తీసుకుని, చీర కవర్లో పెట్టి ఇచ్చి, రెండో ప్రశ్న అడుగుతాడు. సరే అంటే ఐదు వివరాలూ ఎక్కిస్తాడు, వద్దంటే 'వద్దన్నారు' అని మారుస్తాడు. ఏడాది గడిచినా 'అడగలేదు' గుర్తుతోనే మిగిలిపోయిన నంబర్లు దుకాణానికి మళ్లీ రానివాళ్లవి. జీఎస్టీ లెక్కల కోసం బిల్లు ఉంచుకుని, నంబరు తీసేయొచ్చు.